18 ఏళ్లు, 21 ఏళ్లు నిండగానే ఇవ్వాల్సిన ట్రస్టు డబ్బు: ఏ తేదీకి బాకీ పడుతుంది?

ప్రశ్న: మా నాన్నగారు 2012లో మా పాప పేరున ట్రస్టు రాసి రిజిస్టర్ చేయించారు. మా తమ్ముడు ట్రస్టీ. "మనవరాలికి 18 ఏళ్లు నిండిన నాటి నుంచి ఏటా చదువు ఖర్చుకు లక్ష రూపాయలు, 21 ఏళ్లు నిండిన నాడు అసలు, మిగిలిన వడ్డీ మొత్తం ఆమెకు చెల్లించాలి" అని ఉంది. పాప పుట్టింది 29-02-2008. టెన్త్ మెమోలో మాత్రం 01-03-2008 అని పడింది. తమ్ముడు మెమో చూపించి మార్చి 1 అంటున్నాడు. అది కూడా జూన్‌లో కాలేజీ తెరిచాకే ఇస్తాడట. ఇంతకీ డబ్బు ఏ తేదీకి రావాలి?

సమాధానం:

మొదటి లక్ష 28-02-2026న బాకీ పడుతుంది. జూన్ వరకు ఆగాల్సిన పని లేదు. దస్తావేజులో కాలేజీ ప్రస్తావన లేదు, వయసు ప్రస్తావన మాత్రమే ఉంది. అసలు మొత్తం దస్తావేజు ప్రకారం 28-02-2029న రావాలి. అయితే మీరు అడగని సంగతి ఒకటుంది. మీరు రాసిన వాక్యానికి కింద ఇంకే షరతూ లేకపోతే, ఆ అసలును కూడా మీ అమ్మాయి 18 నిండగానే అడిగి తీసుకునే హక్కు ఉండొచ్చు. తేదీ గొడవ కంటే అదే పెద్ద విషయం. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

నేను సివిల్ కోర్టులో చాలా ఏళ్లుగా ప్రాక్టీస్ చేస్తున్నాను. వీలునామాలు, కుటుంబ ట్రస్టులు, మైనర్ల డిపాజిట్లు నా రోజువారీ పని. ఇలాంటి తగాదాల్లో అందరూ ముందు కేలండర్ తీస్తారు. నేను ముందు దస్తావేజు తీయమంటాను. కానీ మీది ఫిబ్రవరి 29 కాబట్టి ఈసారి కేలండర్‌తోనే మొదలుపెడదాం.

28 ఎలా వచ్చింది

మన దేశంలో మేజర్ అయ్యే వయసును 1875 నాటి ఇండియన్ మెజారిటీ చట్టం చెబుతుంది. అందులో లెక్క పద్ధతి కూడా ఉంది. పుట్టిన రోజును పూర్తి రోజుగా కలుపుకోవాలి. పద్దెనిమిదో వార్షిక తేదీ మొదలైన క్షణం నుంచే మేజర్ అయినట్టు. అంటే బిడ్డ రాత్రి 11:50కి పుట్టినా ఆ రోజు మొత్తం లెక్కలోకి వస్తుంది. పుట్టిన గంట కోసం ఎదురుచూడటం ఉండదు.

మరి ఫిబ్రవరి 29 లేని ఏడాదిలో వార్షిక తేదీ ఏది? దీనికి ఆ చట్టం మూల పాఠంలోనే ఒక ఉదాహరణ ఇచ్చారు. 1852 ఫిబ్రవరి 29న పుట్టిన వ్యక్తికి కోర్టు గార్డియన్‌ను నియమించింది. అప్పటి నిబంధన ప్రకారం అలాంటివారికి 21 ఏళ్లకు మెజారిటీ. అతను 1873 ఫిబ్రవరి 28 తొలి క్షణాన మేజర్ అవుతాడని రాశారు. మార్చి 1 అనలేదు. మీ తమ్ముడికి ఈ ఒక్క ఉదాహరణ చూపిస్తే సగం వాదన పోతుంది.

మిగతా సగానికి ఇంకో దారి ఉంది. 1986లో సుప్రీంకోర్టు ముందుకు రాజస్థాన్ నుంచి ఒక ఉద్యోగ పరీక్ష కేసు వచ్చింది. అభ్యర్థి పుట్టింది 02-01-1956. 1984 జనవరి 1 నాటికి 28 ఏళ్లు నిండి ఉండకూడదన్నది నియమం. నాకు 28 నిండేది జనవరి 2న కదా అన్నాడాయన. కోర్టు ఒప్పుకోలేదు. పుట్టిన రోజును కలిపి లెక్కిస్తే ఏడాది పూర్తయ్యేది పుట్టినరోజుకు ముందు రోజు రాత్రితో. కాబట్టి జనవరి 1కే 28 నిండాయి, అర్హత లేదు అంది. గవర్నమెంటు ఉద్యోగుల ఇళ్లలో ఇది తెలిసిన లెక్కే. ఒకటో తేదీన పుట్టిన ఉద్యోగి ముందు నెల ఆఖరి రోజునే రిటైరవుతాడు. ఒక నెల జీతం పోయిందని బాధపడనివాళ్లు నాకు తారసపడలేదు.

ఇప్పుడు దీన్ని మీ పాపకు వర్తించి చూడండి. మెమోలో ఉన్న మార్చి 1 నిజమే అనుకుందాం. ఆ లెక్కన కూడా 18 ఏళ్లు "నిండేది" 2026 ఫిబ్రవరి 28 రాత్రితో. దస్తావేజులో ఉన్న మాట "నిండిన నాటి నుంచి" అని. అంటే మెమో పట్టుకుని వాదించినా ఫిబ్రవరి 28 అర్ధరాత్రి దాటి బాకీ జరగదు. ఇక నిజంగా పుట్టిన తేదీ 29 అయితే పాప ఆ మార్చి 1 బిడ్డకంటే ఒకరోజు పెద్ద. పెద్దదానికి చిన్నదానికంటే ఆలస్యంగా వయసు నిండదు కదా!

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మెజారిటీ చట్టంలోని లెక్క 18కి, అంటే మేజర్ కావడానికి చెప్పింది. మీ నాన్నగారు రాసిన 21 ఆయన ఎంచుకున్న అంకె. దానికంటూ వేరే చట్టం లేదు. అయినా అదే పద్ధతి పట్టుకుంటాం, ఎందుకంటే ఒకే దస్తావేజులో రెండు వయసులకు రెండు రకాల లెక్కలు ఉంటాయని ఎవరూ వాదించరు. అందుకే 21కి కూడా 28-02-2029 అన్నాను.

మధ్యలో 2028 లీపు సంవత్సరం వస్తుంది. అప్పుడు పాప నిజమైన పుట్టినరోజు ఫిబ్రవరి 29 ఉంటుంది. మూడో లక్ష 28నా, 29నా అని అప్పుడు మళ్లీ మొదలవుతుంది. నా ఉద్దేశంలో 28నే. "నాటి నుంచి ఏటా" అన్నారు కాబట్టి మొదటి వాయిదా ఏ తేదీన బాకీ పడిందో ఏటా అదే తేదీ. మొత్తం వాయిదాలు మూడు: 2026, 2027, 2028. 2029లో వచ్చేది అసలు. ఆ రోజు అసలుతోపాటు నాలుగో లక్ష కూడా వస్తుందా అని కొందరు అడుగుతారు. మిగిలిన వడ్డీ మొత్తం ఎలాగూ ఆమెకే వస్తుంది కాబట్టి అక్కడ పోట్లాడటానికి ఏమీ లేదు.

ఆ రోజు బ్యాంకు ఉందా?

2026 ఫిబ్రవరి 28 నాలుగో శనివారం. బ్యాంకులకు సెలవు. మార్చి 1 ఆదివారం. అంటే మీ ఇంట్లో 28కి, 1కి మధ్య నడుస్తున్న తగాదా చేతికి డబ్బు వచ్చే విషయంలో ఏమీ తేడా తేదు. ట్రస్టు డబ్బు సేవింగ్స్ ఖాతాలో ఉంటే నెఫ్ట్ సెలవు రోజున కూడా నడుస్తుంది కాబట్టి శనివారమే పంపొచ్చు. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటే సోమవారం, మార్చి 2 వరకు ఆగాల్సి రావచ్చు. డిపాజిట్ గడువే సెలవు రోజున తీరితే ఆ సెలవు రోజుకు కూడా పాత రేటుతోనే బ్యాంకు వడ్డీ ఇవ్వాలి. అది రిజర్వు బ్యాంకు నియమం. ట్రస్టీ రెండు రోజులు ఆలస్యం చేశాడని కోర్టుకు వెళ్తే జడ్జిగారు మనవైపే విసుగ్గా చూస్తారు.

మరి తేదీ తేల్చుకోవడం ఎందుకు? రెండు కారణాలు. ఒకటి వడ్డీ. ట్రస్టీ ఇవ్వాల్సిన డబ్బు సమంజసం కానంత ఆలస్యం చేస్తే వడ్డీ కట్టాలని ట్రస్టుల చట్టం 23వ సెక్షన్ చెబుతుంది. కోర్టు వేరేలా చెప్పకపోతే ఏడాదికి 6 శాతం బారువడ్డీ. జూన్‌లో ఇస్తానన్న మనిషికి ఆ వడ్డీ ఏ రోజు నుంచి మొదలవుతుందో తెలియాలి.

రెండోది సంతకం. ట్రస్టీకి నిజమైన రిస్కు ఆలస్యంగా ఇవ్వడంలో లేదు, తొందరపడి ఇవ్వడంలో ఉంది. మైనర్ ఇచ్చిన రసీదు ట్రస్టీని బాధ్యత నుంచి విడిపించదు. మేజర్ అయ్యాక తండ్రి ఇచ్చిన రసీదూ విడిపించదు. ఫిబ్రవరి 27న డబ్బు పాప చేతిలో పెట్టి సంతకం తీసుకుంటే, రేపు ఆమె అది నాకు ముట్టలేదంటే మళ్లీ ఇచ్చుకోవాల్సి రావచ్చు. ట్రస్టీలు ఒకటి రెండు రోజులు వెనక్కి లాగడానికి తరచూ ఇదే కారణం. మీ తమ్ముడిలో చెడు ఉద్దేశం వెతకడానికి ముందు ఇది గుర్తుపెట్టుకోండి. అందుకే నేను చెప్పేది ఒకటే. బాకీ తేదీ 28 అని కాగితం మీద ఒప్పుకోమనండి, చెల్లింపు, రసీదు మార్చి 2 తేదీతో పెట్టుకోండి. బర్త్ సర్టిఫికెట్ లెక్కన చూసినా, మెమో లెక్కన చూసినా మార్చి 2 నాటికి ఆమె మేజరే. ఆ సంతకాన్ని ఎవరూ తప్పుపట్టలేరు.

మెమోలో తేదీ వేరుగా ఉంటే

మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం తీసి, పుట్టిన తేదీ కాకుండా దాని కింద ఉండే "రిజిస్ట్రేషన్ తేదీ" చూడండి. పుట్టిన 21 రోజుల్లోపు తెలియజేయాలన్నది చట్టం. ఆసుపత్రిలో పుట్టిన పిల్లలకు ఆసుపత్రివాళ్లే పంపుతారు. మీ సర్టిఫికెట్‌లో రిజిస్ట్రేషన్ తేదీ 2008 మార్చిలో ఉంటే అది చాలా గట్టి సాక్ష్యం. ఎందుకంటే అప్పటికి ఈ డబ్బు లేదు, ట్రస్టూ లేదు, ఎవరికీ అబద్ధం రాయించాల్సిన అవసరమూ లేదు. అదే రిజిస్ట్రేషన్ తేదీ ఏ 2019లోనో ఉండి, అధికారి ఆర్డర్ మీద ఆలస్యంగా రాయించినదైతే బలం తగ్గుతుంది. అప్పుడు మెమోతో పోటీ పడాల్సి వస్తుంది.

టెన్త్ మెమోలోని తేదీ స్కూల్లో చేర్చినప్పుడు రాయించిన దాన్నుంచి వస్తుంది. ఫిబ్రవరి 29 పిల్లల విషయంలో గుమాస్తా ఆ తేదీ చూసి ముందుకో వెనక్కో జరపడం నేను చాలాసార్లు చూశాను. కోర్టులు మెమోకు మంచి విలువే ఇస్తాయి. కానీ సకాలంలో రాసిన జనన రిజిస్టరు ఎదురుగా ఉన్నప్పుడు దానికే మొగ్గు. ఆధార్ మాత్రం తీయకండి. పుట్టిన తేదీకి ఆధార్ రుజువు కాదని 2024లో సుప్రీంకోర్టు ఒక మోటారు ప్రమాద పరిహారం కేసులో చెప్పింది.

మరో తిరకాసు మన ఇళ్లలోనే ఉంది. పంచాంగం రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, సర్కారు రోజు అర్ధరాత్రితో. తెల్లవారుజామున రెండింటికి పుట్టిన బిడ్డను అమ్మమ్మ ముందు రోజు ఖాతాలో వేస్తుంది, జాతక చక్రంలోనూ వారం అలాగే పడుతుంది. ఒక కేసులో ట్రస్టీ జాతకం కాగితాన్నే సాక్ష్యంగా పట్టుకొచ్చాడు. రెండు కాగితాలూ నిజమే చెప్పాయి, లెక్కపెట్టే రోజు వేరు, అంతే. డబ్బు విషయంలో అర్ధరాత్రి లెక్కే నడుస్తుంది. అమెరికాలో పుట్టిన మనవళ్ల విషయంలోనూ అంతే. అక్కడి సర్టిఫికెట్‌లో ఏ తేదీ ఉంటే అదే. అప్పటికి ఇక్కడ తెల్లవారిందా లేదా అన్నది లెక్క కాదు.

ఇప్పుడు అసలు సంగతి: 21 దాకా ఆగాలా?

వయసు అంకె రెండు రకాలుగా పనిచేస్తుంది. ఒకటి, ఆ వయసు వస్తేనే ఆస్తి ఆ మనిషిది అవుతుంది. రాకముందే పోతే ఆమెకూ లేదు, ఆమె వారసులకూ లేదు. రెండోది, ఆస్తి ఈ రోజే ఆమెది, చేతికి ఇవ్వడం మాత్రం ఆ వయసు దాకా వాయిదా. దస్తావేజులు రాసేవాళ్లు ఈ రెంటినీ ఒకే రకం వాక్యంలో రాసేస్తారు. తేడా పక్క వాక్యాల్లో దొరుకుతుంది.

మీ దస్తావేజులో చూడాల్సినవి ఇవి. "ఒకవేళ 21 ఏళ్లు నిండకముందే మనవరాలు మరణిస్తే ఆ సొమ్ము ఫలానావారికి చెందును" అని ఉందా? ఉంటే అది మొదటి రకం, ఆగాల్సిందే. ఆ ఫలానావారికి కూడా అందులో ఆశ ఉంది కాబట్టి మీ అమ్మాయి ఒక్కతే అడిగితే ఇవ్వడానికి వీల్లేదు. అలాంటి వాక్యం లేకుండా, 21 వచ్చేదాకా వడ్డీని కూడా ఆమె కోసమే ఖర్చుపెట్టమని గానీ ఆమెకే పోగుచేయమని గానీ రాసి ఉంటే రెండో రకం వైపు బలంగా మొగ్గుతుంది. ఆస్తి బదిలీ చట్టం 21వ సెక్షన్‌కు ఉన్న మినహాయింపు దాదాపు ఇదే చెబుతుంది. ఒక వయసు వచ్చాక ఫండు ఇస్తామని రాసినా, ఆ లోపు వచ్చే రాబడి పూర్తిగా ఆ మనిషికే ఇస్తేనో, అవసరమైనంత ఆమె మేలు కోసం వాడమంటేనో అది షరతు కింద లెక్కకు రాదు. సెక్షన్ అంకె కూడా 21 కావడం కాకతాళీయం, గందరగోళపడకండి.

రెండో రకమైతే ట్రస్టుల చట్టం 56వ సెక్షన్ అక్కరకొస్తుంది. ట్రస్టుకు లబ్ధిదారు ఒక్కరే ఉండి, ఒప్పందం చేసుకోగల వయసు వారైతే, ఆస్తిని తనకు అప్పగించమని ట్రస్టీని అడగవచ్చు. ఆ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణ మీ కేసుకు అచ్చు గుద్దినట్టు ఉంటుంది. కొన్ని ప్రభుత్వ సెక్యూరిటీలు ట్రస్టీలకు ఇచ్చి, ఒక వ్యక్తికి 24 ఏళ్లు వచ్చేదాకా వడ్డీ పోగుచేసి అప్పుడు మొత్తం ఇవ్వమన్నారు. ఆ వ్యక్తి మేజర్ కాగానే, ఆ ఆస్తిలో ఇంకెవరికీ వాటా లేదు కాబట్టి, వెంటనే బదిలీ చేయమని అడగవచ్చు అని చట్టమే చెప్పింది. రాసింది 24, చేతికి రాగలిగేది 18కే.

అంటే మీ దస్తావేజులో వేరే ఆశావహులు లేకపోతే, 2029 ఫిబ్రవరి దాకా బాకీ కాని అసలు, మీ అమ్మాయి అడిగిన పక్షంలో, 2026 మార్చిలోనే ఇవ్వాల్సి వస్తుంది. దానంతట అదే బాకీ పడదు, ఆమె అడగాలి. ఆమె తరఫున మీరు అడిగితే కుదరదు. అప్పటికి ఆమె మేజర్, మీరు గార్డియన్ కారు.

అడగాలా వద్దా అన్నది మీ ఇంటి విషయం. మొహమాటం లేకుండా చెబితే, పద్దెనిమిదేళ్ల పిల్ల ఖాతాలో పెద్ద మొత్తం ఒక్కసారిగా పడటం నాకూ అంత ఇష్టం ఉండదు. మీ నాన్నగారు 21 అని రాసింది అందుకే అయి ఉంటుంది. కానీ ఇంజినీరింగ్ సీటుకు ఫీజు కట్టడానికి బయట వడ్డీకి అప్పు చేస్తూ ట్రస్టు డబ్బు డిపాజిట్‌లో పెట్టుకోవడం అర్థం లేని పని.

ఇలాంటి కేసు ఒకటి నా దగ్గర జరిగింది. ఒక తాతగారు ముగ్గురు మనవల పేరున కలిపి ఒకే ట్రస్టు రాశారు, వయసు 25. పెద్దవాడికి 20 రాగానే తన వాటా అడిగాడు. ట్రస్టీ కుదరదన్నాడు. ట్రస్టీ మాటే సరి. లబ్ధిదారులు ఎక్కువమంది ఉన్నప్పుడు అందరూ మేజర్లై, అందరూ ఒక మాట మీద ఉంటేనే ఆ సెక్షన్ పనిచేస్తుంది. చిన్నవాడు అప్పటికి తొమ్మిదో తరగతి. వాటాలు విడదీసి రాసి ఉంటే కథ వేరేగా ఉండేది. పెద్దవాడు ఆగాడు. ఈలోగా ట్రస్టీ అతని ఫీజులు మాత్రం ట్రస్టు నుంచి కట్టాడు, ఎందుకంటే చదువుకు వాడొచ్చని దస్తావేజులోనే ఉంది.

కోర్టు డిపాజిట్లతో కలపకండి

ఇదే ప్రశ్న వేరే రూపంలో నా దగ్గరికి తరచూ వస్తుంది. తండ్రి రోడ్డు ప్రమాదంలో పోతాడు. ట్రిబ్యునల్ పరిహారంలో పిల్లల వాటాను మేజర్ అయ్యేదాకా బ్యాంకులో డిపాజిట్ చేయమంటుంది. 18 నిండిన మర్నాడు కుర్రాడు మెమో పట్టుకుని బ్యాంకుకు వెళ్తాడు, మేనేజర్ కోర్టు ఆర్డర్ తెమ్మంటాడు. మేనేజర్ తప్పేమీ లేదు. ఆ డిపాజిట్ ట్రిబ్యునల్ ఆధీనంలో ఉంది. మేజర్ కాగానే నేరుగా చెల్లించమని ఆర్డరులోనే ఉంటే తప్ప, ట్రిబ్యునల్‌లో డబ్బు విడుదల కోసం చెక్ పిటిషన్ వేసి, వయసు రుజువు చూపించి, ఆర్డర్ తెచ్చుకోవాలి. అక్కడ హక్కు తేదీ ఒకటి, చేతికొచ్చే తేదీ మరొకటి. మీది ప్రైవేటు ట్రస్టు కాబట్టి ఈ మెట్టు లేదు.

సుకన్య సమృద్ధి ఖాతా ఉన్నవాళ్లు కూడా 21 అని వినగానే తడబడతారు. అక్కడ 21 ఏళ్లు ఖాతా తెరిచిన తేదీ నుంచి, పిల్ల వయసు కాదు.

ఇంకా పాత దస్తావేజుల్లో "మైనారిటీ తీరగానే" అని మాత్రమే ఉంటుంది, అంకె ఉండదు. కోర్టు గార్డియన్‌ను నియమించిన పిల్లలకు ఒకప్పుడు 21 ఏళ్లకు మైనారిటీ తీరేది. 1999 సవరణతో ఆ తేడా పోయింది, ఇప్పుడు అందరికీ 18. పెద్దవాళ్లు ఇంకా 21 అంటున్నారంటే ఆ పాత నియమం నోట్లో మిగిలిపోయిందన్నమాట.

మీరు ఇప్పుడు చేయాల్సింది

మొదట పాప ఖాతా. మైనర్ ఖాతాలో గార్డియన్ సంతకం 18 నిండగానే పనిచేయడం ఆగిపోతుంది. కొత్తగా ఆమె సంతకం, ఫొటో, కేవైసీ ఇచ్చి ఖాతాను మేజర్ ఖాతాగా మార్చాలి. పాన్ కార్డు మైనర్‌గా తీసుకున్నదైతే దాన్నీ ఆమె ఫొటో, సంతకంతో మార్పించండి. డబ్బు సిద్ధంగా ఉండి, వేయడానికి ఖాతా నడవని పరిస్థితి నేను ఎక్కువగా చూసే అడ్డంకి.

తర్వాత ట్రస్టీ డబ్బు ఎందులో పెట్టాడో అడగండి. డిపాజిట్ గడువు 2026 ఆగస్టు దాకా ఉంది, అందుకే అప్పుడిస్తానంటున్నా అనే ట్రస్టీలు ఉంటారు. గడువు తీరలేదన్నది బాకీని ఆపే కారణం కాదు. లక్ష వరకు ముందే విడిపించొచ్చు, దానికి వడ్డీలో సాధారణంగా అర శాతమో ఒక శాతమో కోత పడుతుంది. ఆ కోత ఎవరి మీద పడాలని గొడవపడేకంటే, డిపాజిట్లను ఏటా ఫిబ్రవరి 28 లోపు తీరేలా ఇప్పుడే విడగొట్టి పెట్టమనండి. మూడు వాయిదాలకు మూడు చిన్న డిపాజిట్లు, అసలుకు ఒకటి.

ఇక ఉత్తరం. లాయరు నోటీసు వద్దు, బాబాయికి అమ్మాయి రాసే ఉత్తరం చాలు. మార్చి 2 తేదీతో, ఆమె చేతి సంతకంతో. ఇలా ఉంటే సరిపోతుంది:

"బాబాయి గారికి, తాతగారు 2012లో రాసిన ట్రస్టు దస్తావేజు ప్రకారం నాకు 28-02-2026 నాటికి 18 ఏళ్లు నిండాయి. ఆ తేదీకి బాకీ పడిన లక్ష రూపాయలను నా ఖాతాకు పంపగలరు. జనన ధ్రువపత్రం నకలు, ఖాతా వివరాలు జత చేశాను. ట్రస్టు మొదలైనప్పటి నుంచి జమాఖర్చుల నకలు కూడా ఇప్పించగలరు."

ఆఖరి వాక్యం తీసేయకండి. లెక్కలు చూసే హక్కు లబ్ధిదారుకు చట్టంలోనే ఉంది. అసలు ఎంత ఉందో తెలియకుండా దాన్ని ఇప్పుడే అడగాలా, 2029 దాకా ఉంచాలా అని మీరూ పాపా నిర్ణయించుకోలేరు. ఈ ఉత్తరంలో అసలు గురించి అడగకండి. లెక్కలు చేతికొచ్చాక, దస్తావేజు పూర్తి నకలు ఒక లాయరుకు చూపించి, మధ్యలో ఇంకెవరి పేరూ లేదని తేలాక దానికి వేరే ఉత్తరం రాయొచ్చు.

మెమోలో తేదీ సరిచేయించడానికి ఈ డబ్బు కోసమైతే పరుగెత్తకండి. రేపు పాస్‌పోర్టు దగ్గర రెండు కాగితాల్లో రెండు తేదీలు ఉంటే ఎలాగూ టెన్షన్ పడతారు కాబట్టి తీరికగా ఆ పని మొదలుపెట్టండి. దస్తావేజులో మీరిచ్చిన వాక్యం తర్వాత పేరా ఏముందో ఇక్కడ రాస్తే, 18కే అసలు అడగొచ్చా లేదా అన్నది ఇంకా ఖచ్చితంగా చెప్పగలను.